అమ్మ మందుల సంచి తిరగేస్తే

తెనాలిలో ఉంటున్న తల్లికి ఏయే మందులు నడుస్తున్నాయని హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే కూతుర్ని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి ఏడు చెప్పింది. బీపీకి ఒకటి, షుగరుకు ఒకటి, గుండెకు ఒకటి, గ్యాస్‌కు, నిద్రకు, ఎముకలకు కాల్షియం, మోకాళ్ల నొప్పులకు ఒకటి. ఇంట్లో ఉన్నవన్నీ ఫొటోలు తీయించి పంపమంటే 11 స్ట్రిప్పులు వచ్చాయి. వాటి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి కాగితం మీద పెడితే 20 పేర్లు తేలాయి. ఆ ఇరవైలో నాలుగు మందులు రెండేసి సార్లు ఉన్నాయి. ఇంకొకటి రెండేళ్ల కిందటే ఆపెయ్యమని డాక్టరు రాసింది. మరో మూడు విడివిడిగా మంచివే గానీ, కలిసి ఆవిడ కిడ్నీలను నొక్కేస్తున్నాయి.

ఈ తల్లీకూతుళ్లు ఫలానా ఇంటివాళ్లు కారు. మన ఊళ్లలో పెద్దవాళ్ల మందుల సంచుల్లో మామూలుగా కనిపించే చిక్కుల్ని ఒక్క సంచిలో పోసి అల్లిన ఉదాహరణ ఇది. ఒక ఫార్మసిస్టు ఇలాంటి సంచిని ఎలా చదువుతాడో, ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ తన హద్దు దాటడో చెప్పడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

పద్ధతి కొత్తదేమీ కాదు. ఇంట్లో ఉన్న మందులన్నీ సరుకులు తెచ్చుకునే కాగితం సంచిలో వేసుకు రమ్మని పెద్దవాళ్లను పిలిచి, ఫార్మసిస్టు బల్ల మీద పరిచి చూడటం 1980ల నుంచి అమెరికాలో నడుస్తోంది. ఇప్పుడు సంచి బదులు ఫోన్లో ఫొటోలు వస్తున్నాయి. పిల్లలు ఒకచోట, పెద్దవాళ్లు ఒకచోట ఉండే మన ఇళ్లకు ఇది బాగా కుదిరింది. చేసేవాళ్లూ ఉన్నారు. మన దేశంలో 2008లో ఆరేళ్ల ఫార్మ్ డి కోర్సు మొదలైంది. అది చదివినవాళ్లకు మందులు తయారుచేయడం కంటే, వాడే మనిషి మీద అవి ఎలా పనిచేస్తున్నాయో చూడటమే అసలు చదువు. పెద్ద ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టులన్న పేరుతో కనిపించేది ఎక్కువగా వీళ్లే. మెడికల్ షాపులో చీటీ చూసి బిళ్ళలు కత్తిరించి ఇచ్చే కుర్రాణ్ని ఈ పని అడక్కూడదు. గోడ మీద సర్టిఫికెట్ ఉన్న మనిషి షాపులో ఉంటే మాత్రం అడగొచ్చు.

ఫొటోల దగ్గరే సగం పని చెడిపోతుంది. అందరూ స్ట్రిప్పును ముందువైపు, బిళ్ళలు బుడిపెల్లా కనిపించే వైపు తీసి పంపుతారు. కావలసింది వెనకవైపు. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు తేదీ అన్నీ ఆ వెండిరేకు మీదే ఉంటాయి. ఫ్లాష్ వేస్తే రేకు మెరిసి అక్షరాలు పోతాయి కాబట్టి పగటిపూట కిటికీ దగ్గర, తెల్లటి తువ్వాలు మీద ఒక్కొక్క స్ట్రిప్పే పెట్టి తీయాలి. షాపువాళ్లు సగానికి కత్తిరించి ఇచ్చిన ముక్కల్లో ఒక్కోసారి పేరు ఒక ముక్కలో, తేదీ మరో ముక్కలో ఉండిపోతాయి. అప్పుడు బిల్లే దిక్కు. వారం రోజుల మాత్రలు గళ్ల డబ్బాలో పోసి పెట్టుకునేవాళ్లయితే ఆ డబ్బా ఫొటోతో పని జరగదు. మన దగ్గర చాలా బిళ్ళల మీద గుర్తులేమీ ఉండవు. తెల్లటి గుండ్రటి బిళ్ళను ఫొటోలో చూసి ఫలానాదని చెప్పే ఫార్మసిస్టు ఎవరైనా ఉంటే ఆయన్ని నమ్మకపోవడమే మంచిది.

స్ట్రిప్పుల్లో ఇంకెన్ని మాత్రలు మిగిలాయన్నది కూడా ఫొటోలో కనబడాలి. బిల్లు తేదీ పక్కన పెడితే ఆ లెక్క చాలా చెబుతుంది. మన ఉదాహరణలో బీపీ బిళ్ళలు మార్చి 3న 30 కొన్నట్టు బిల్లు ఉంది. 23న తీసిన ఫొటోలో 10 ఉన్నాయి. అంటే సరిగ్గా రోజుకొకటి పడుతోంది. కాల్షియం స్ట్రిప్పు మాత్రం జనవరిలో కొన్నదే ఇంకా సగానికి పైగా ఉంది. కూతురి జాబితాలో రెండూ "వాడుతోంది" అనే ఉన్నాయి.

స్ట్రిప్పులతో పాటు అడగాల్సినవి మరికొన్ని ఉన్నాయి. డిశ్చార్జి సమ్మరీ, ఏడాది నుంచి వచ్చిన మందుల చీటీలన్నీ, కిడ్నీ పరీక్ష ఉన్న రక్తపరీక్షల కాగితాలు. జనం మందుగా లెక్కపెట్టనివి కూడా విడిగా అడగాలి: కంటి చుక్కలు, పీల్చే మందులు, నొప్పి ఆయింట్‌మెంట్లు, ఆయుర్వేదం పొడులు, పక్కింటావిడ ఇచ్చిన బిళ్ళలు. కంటి చుక్కలదేముందిలే అనుకుంటాం. కానీ గ్లకోమాకు వేసే టిమోలాల్ చుక్క కన్నీటి గొట్టంలోంచి ముక్కులోకి, అక్కణ్నుంచి రక్తంలోకి పోయి ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం తెప్పించగలదు.

ఇక చదవడం. ఫార్మసిస్టు మొదట చేసే పని కంపెనీ పెట్టిన పేర్లను పక్కనబెట్టడం. ఒకే మందును మన దేశంలో పదుల కంపెనీలు పదుల పేర్లతో అమ్ముతాయి, పైగా రెండు మూడు మందులు కలిపి ఒకే బిళ్ళగా చేయడం మనకు బాగా అలవాటు. అందుకే స్ట్రిప్పుల లెక్క వేరు, మందుల లెక్క వేరు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం మందు అసలు పేరు కంపెనీ పేరు కంటే కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ఉండాలి. మంచి నిబంధనే. అయితే మూడు, అంతకు మించి మందులు కలిపిన వాటికి మినహాయింపు ఇచ్చారు. ఎక్కువ గందరగోళం పెట్టేవి అవే. పేరు చివర ఉండే అక్షరాల మీదా మరీ ఆధారపడలేం. గ్యాస్ బిళ్ళ చివర డి ఉంటే డామ్‌పెరిడోన్ అనే వాంతుల మందు కలిసిందని, కాల్షియం చివర డి ఉంటే విటమిన్ డి కలిసిందని. అక్షరం ఒకటే, మందులు వేరు.

తెనాలి సంచిలోని 11 స్ట్రిప్పుల్ని ఇలా విప్పితే 20 పేర్లు వచ్చాయన్నాం కదా. ఒకే పేరు రెండుసార్లు వచ్చినవి ఆస్పిరిన్, ఎటోర్వాస్టాటిన్, ఆమ్లోడిపిన్, పారాసిటమాల్. ఇవి తీసేస్తే అసలు మందులు 16. నాలుగు జంటలూ ఒకే రకం తప్పులు కావు. పారాసిటమాల్ సంగతే చూడండి. మోకాళ్ల బిళ్ళలో 325 మిల్లీగ్రాములు ఉంది, ఒళ్లు నొప్పులకని వేసుకునేది 650ది. మోకాళ్లది రెండు పూటలా, 650ది ఒకటో రెండో వేసుకున్నా రోజుకు 2,000 దాటదు. గుర్తు పెట్టుకోవాల్సిన సంగతే, కంగారు పడాల్సింది కాదు. పేరు రెండుసార్లు కనిపించిందని ప్రతిదానికీ గంట కొట్టే ఫార్మసిస్టు మాట మూడోసారి డాక్టరు వినడు.

ఆమ్లోడిపిన్ సంగతి అలా కాదు. ఊళ్లో డాక్టరు ఎన్నో ఏళ్ల కిందట బీపీకి ఆమ్లోడిపిన్ 5 రాశారు. పోయిన ఆగస్టులో గుంటూరులో గుండె డాక్టరు బీపీ ఎక్కువుందని మందు మార్చి, టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన బిళ్ళ రాశారు. పాతది మానేసి ఇది వేసుకోవాలని ఆయన ఉద్దేశం. ఆయన ఏం రాశారో చీటీలో ఉంది, ఏది ఆపాలో లేదు. పాత బిళ్ళ పొద్దున, కొత్త బిళ్ళ రాత్రి, రెండూ నడిచాయి. రెండు స్ట్రిప్పుల రంగులు వేరు, పేర్లకు పోలికే లేదు. ఆవిడకు తెలిసేదెలా?

ఇక్కడే ఫార్మసిస్టు చీటీల తేదీల్ని వరుసగా పేర్చి చూశాడు. ఆగస్టులో కొత్త బీపీ బిళ్ళ. అక్టోబరులో కాళ్ల వాపని ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు చీటీ. నవంబరులో ఫ్యూరోసెమైడ్ 20, స్పైరనోలాక్టోన్ 50 కలిసిన బిళ్ళ, అంటే ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే మందు. వాపు రావడానికీ ఆమ్లోడిపిన్ రెట్టింపు కావడానికీ మధ్య రెండు నెలలు కూడా లేవు.

ఆమ్లోడిపిన్ చిన్న ధమనుల్ని వెడల్పు చేస్తుంది, దాని పక్కనే ఉన్న సిరల్ని అంతగా చేయదు. వచ్చే రక్తం ఎక్కువై, పోయే దారి అంతే ఉండటంతో చీలమండల దగ్గర నీరు బయటికి ఊరుతుంది. 5 మిల్లీగ్రాముల కంటే 10 దగ్గర ఇది బాగా ఎక్కువ. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి నీటి బిళ్ళకు ఇది పెద్దగా తగ్గదు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి మరో మందు రాయడం వైద్యంలో పాత సమస్యే. పౌలా రోషాన్, జెర్రీ గుర్విట్జ్ అనే ఇద్దరు వైద్యులు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని వివరించి, మందుల గొలుసుకట్టు అనే అర్థమిచ్చే పేరు ప్రచారంలోకి తెచ్చారు.

అయితే తేదీలు కలిశాయని తీర్పు చెప్పేయకూడదు. స్టెంట్ వేసిన మనిషికి కాళ్లు వాచాయంటే గుండె బలహీనపడి ఉండొచ్చు, కిడ్నీ కావచ్చు. ఫోన్లో అడగాల్సినవి అడిగాడు.

"అమ్మగారూ, వాపు ఒక కాలికా, రెండు కాళ్లకా?"

"రెంటికీ బాబూ. పొద్దున లేచేసరికి కాస్త తగ్గుతుంది, సాయంత్రానికి చెప్పులు పట్టవు."

"పడుకుంటే ఆయాసం వస్తోందా? తలగడలు ఎక్కువ కావాలనిపిస్తోందా?"

"అదేం లేదు. కానీ ఆ నీళ్ల బిళ్ళ వేసుకున్నాక రాత్రి మూడుసార్లు లేవాల్సి వస్తోంది. మొన్న బాత్రూమ్ దగ్గర తూలి గోడ పట్టుకున్నాను."

రెండు కాళ్లకూ, సాయంత్రం ఎక్కువ, ఆయాసం లేదు. ఇదంతా ఆమ్లోడిపిన్ వైపు మొగ్గు చూపే సంగతే, రుజువు కాదు. గుండె సంగతి డాక్టరు చూసి, అవసరమైతే ఎకో తీసి తేల్చాలి. నీటి బిళ్ళ సాయంత్రం వేసుకోవడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే. దానికి తోడు రాత్రి ఆల్ప్రజోలామ్ 0.25 అనే నిద్రబిళ్ళ ఉంది. మత్తులో లేచి బాత్రూముకు నడిచే ముసలావిడ తుంటి ఎముక విరగడానికి ఇంకేం కావాలి?

రెండో చిక్కు గుండె గొట్టాలది. మూడేళ్ల కిందట స్టెంట్ వేసినప్పుడు ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, ఎటోర్వాస్టాటిన్ 20 మూడూ కలిసిన క్యాప్సూల్ రాశారు. మొదటి రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసేవి, మూడోది కొలెస్టరాల్ మందు. కొత్త స్టెంట్ దగ్గర రక్తం గడ్డకట్టే ముప్పు మొదటి నెలల్లో ఎక్కువ కాబట్టి ఈ రెండు మందులూ కొంతకాలం కలిపి వాడతారు. ఎంతకాలమన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఈవిడకు ఏడాది తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు క్లోపిడోగ్రెల్ ఆపమని చీటీలో స్పష్టంగా రాశారు. దాని బదులు ఆస్పిరిన్, ఎటోర్వాస్టాటిన్ మాత్రమే ఉన్న క్యాప్సూల్ ఇచ్చారు. ఆ చీటీ సంచిలోనే, ప్లాస్టిక్ కవరులో, మడతలు విప్పకుండా ఉంది.

మరి పాతది ఎలా బతికింది? స్ట్రిప్పు అయిపోగానే ఖాళీ రేకు పట్టుకుని పక్కింటి కుర్రాడు షాపుకు వెళతాడు. షాపువాళ్లు రేకు చూసి అదే ఇస్తారు. చీటీ మళ్లీ ఎవరూ చూడరు. ఆపిన మందు చాలా ఇళ్లలో ఖాళీ రేకు పట్టుకునే తిరిగొస్తుంది. ఫలితంగా రోజుకు రెండు క్యాప్సూళ్లు, అంటే ఆస్పిరిన్ 150, ఎటోర్వాస్టాటిన్ 40, వద్దన్న క్లోపిడోగ్రెల్ అదనం. కొలెస్టరాల్ మందు రెట్టింపు కావడం అంత ప్రమాదమేమీ కాదు, 40 చాలామందికి రాసే మోతాదే. ప్రమాదం రక్తస్రావంలో ఉంది.

"అది గుండె ఆపరేషన్ అప్పుడు ఇచ్చింది కదా బాబూ, అది మానేస్తే ఎలా?" అని ఆవిడ అడిగిన మాటను తేలిగ్గా తీసుకోకూడదు. మామూలుగా ఆ భయమే సరైనది. స్టెంట్ వేసిన కొత్తలో ఈ మందులు తమంతట తాము ఆపేసి గుండెపోటు తెచ్చుకున్నవాళ్లున్నారు. అందుకే ఇక్కడ ఫార్మసిస్టు "ఆపెయ్యండి" అనలేదు. ఆపమన్న చీటీ కంటికి కనిపిస్తున్నా, ఆ తర్వాత మరో స్టెంట్ వేశారేమో, మరో డాక్టరు కావాలనే మళ్లీ మొదలుపెట్టారేమో అడిగి, అదే రోజు గుండె డాక్టరు గారికి ఫోను చేయమని కూతురికి చెప్పాడు. మలం నల్లగా, తారులా వస్తోందా అని కూడా అడిగాడు. లేదన్నారు. అవునని ఉంటే అది ఫోనుతో సరిపెట్టే విషయం కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సింది. ఐరన్ బిళ్ళలు వాడేవాళ్లకు కూడా మలం నల్లబడుతుంది కాబట్టి ఆ సంగతీ కనుక్కోవాలి.

మూడో చిక్కు అన్నిటికంటే పెద్దది. సంక్రాంతికి పిండివంటల పని ఎక్కువై మోకాళ్లు పట్టేశాయని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళ ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. నొప్పి తగ్గింది. తగ్గింది కాబట్టి మానలేదు. పొద్దునొకటి, రాత్రొకటి, రెండు నెలలు దాటింది. ఎసిక్లోఫెనాక్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోనే ఉంది. ఆ జాబితా ఒకచోట, కౌంటరు ఇంకోచోట.

కిడ్నీలో రక్తాన్ని వడపోసే జల్లెళ్లు లక్షల్లో ఉంటాయి. ఒక్కొక్క దానికి రక్తం తెచ్చే గొట్టం ఒకటి, తీసుకుపోయే గొట్టం ఒకటి. వడపోత జరగాలంటే లోపల ఒత్తిడి ఉండాలి. తోటకు నీళ్లు పెట్టేటప్పుడు పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరం చిమ్మినట్టు, ఒంట్లో రక్తం తగ్గినప్పుడు కిడ్నీ తీసుకుపోయే గొట్టాన్ని బిగించి, తెచ్చే గొట్టాన్ని తెరిచి ఆ ఒత్తిడి నిలబెట్టుకుంటుంది. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు ఆ బిగింపును వదులు చేస్తుంది. ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు తెచ్చే గొట్టం తెరుచుకోకుండా చేస్తుంది. నీటి బిళ్ళ వచ్చే రక్తాన్నే తగ్గిస్తుంది. ఒక్కటుంటే కిడ్నీ సర్దుకుంటుంది, రెండుంటే చాలామందికి సర్దుకుంటుంది. మూడూ ఒకేసారి పడితే దాని దగ్గర ఉపాయం అయిపోతుంది.

ఇది కాగితం మీది భయం కాదు. బీపీ మందులు వాడే 4 లక్షల 87 వేల మంది వివరాలు పరిశీలించి 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో, నీటి బిళ్ళ, టెల్మిసార్టాన్ తరహా మందు కలిపి వాడేవాళ్లు నొప్పి మందు కూడా తోడు చేసుకుంటే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ముప్పు 31 శాతం పెరిగింది. మొదటి 30 రోజుల్లో అయితే 82 శాతం. అలా వాడే ప్రతివాళ్లకీ కిడ్నీ పోతుందని కాదు. అలా పోయేవాళ్ల సంఖ్య తక్కువే. కానీ వయసు 74, షుగరు ఉంది, గుంటూరు జిల్లా ఎండాకాలం వస్తోంది. రెండు రోజులు విరేచనాలైతే చాలు, ఆ చిన్న సంఖ్యలో ఈవిడ చేరిపోవచ్చు. పైగా ఆ నీటి బిళ్ళలో ఉన్న స్పైరనోలాక్టోన్ పొటాషియంను ఒంట్లోనే ఉంచుతుంది. టెల్మిసార్టాన్ కూడా అంతే, నొప్పి బిళ్ళ కూడా అంతే. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కూడా.

రక్తపరీక్ష కాగితాలు అడిగింది ఇందుకే. పోయిన జులైలో క్రియాటినిన్ 1.1 ఉంది, ఈ మార్చిలో 1.4. ల్యాబు కాగితం మీద పక్కన అచ్చేసిన హద్దుకు కాస్త పైన ఉందంతే కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. క్రియాటినిన్ కండల్లోంచి వచ్చేది. బక్కపలచటి ముసలావిడకు కండే తక్కువ, అందుకని ఆ అంకె చూడటానికి చిన్నగానే ఉంటుంది. వయసు, ఆడా మగా చేర్చి లెక్కగట్టే సూత్రంలో వేస్తే 1.1 దగ్గర వడపోత సుమారు 53, 1.4 దగ్గర సుమారు 39. ఎనిమిది నెలల్లో పావువంతు పైనే పడిపోయింది. పొటాషియం ఆ కాగితంలో లేదు, అసలు పరీక్షే చేయించలేదు.

ఈ 39 అనే అంకె మరో స్ట్రిప్పును కూడా మళ్లీ చూడమంటుంది. షుగరు బిళ్ళలో గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 ఉన్నాయి, రోజుకు రెండుసార్లు. మెట్‌ఫార్మిన్ రోజుకు 1,000 వరకు ఈ దశలో సరే, వడపోత 30 కంటే తగ్గితే ఆపాలి. గ్లిమెపిరైడ్ మీద మాత్రం అనుమానం పెట్టాలి. పెద్దవాళ్లకు జాగ్రత్త పడాల్సిన మందులంటూ మార్క్ బీర్స్ అనే అమెరికన్ వైద్యుడు 1991లో మొదలుపెట్టిన జాబితా ఉంది. దాన్ని 2023లో సవరించినప్పుడు ఈ కోవ షుగరు మందులన్నిటినీ షుగరు మరీ పడిపోయే ప్రమాదం ఉందని అందులో చేర్చారు. కిడ్నీ నెమ్మదించిన కొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. తెల్లవారుజామున చెమటలు పట్టి, ఒణుకుతో మెలకువ వస్తోందా అని అడగాలి.

అన్నీ తప్పులే దొరికాయని అనుకోకండి. గ్యాస్ బిళ్ళ సంగతి చూస్తే, పెద్దవాళ్ల సంచుల్లో కారణం లేకుండా ఏళ్లతరబడి నడిచేది మామూలుగా అదే. చాలామంది ఫార్మసిస్టుల చెయ్యి ముందుగా దానిమీదికే పోతుంది. కానీ ఈవిడ ఆస్పిరిన్ వాడుతోంది, నొప్పి బిళ్ళా వేసుకుంటోంది. ఇన్నాళ్లూ కడుపులో పుండు పడి రక్తం కారకుండా కాపాడింది అందులోని పాంటాప్రజోలే కావచ్చు. దాన్ని ముట్టుకోకూడదు. అడగాల్సిందల్లా దానితో కలిసున్న డామ్‌పెరిడోన్ ఇంకా కావాలా అని. వాంతులు ఎప్పుడో తగ్గిపోయాయి, అది గుండె లయను కూడా తారుమారు చేయగల మందు.

ఇంత చదివాక ఫార్మసిస్టు ఇచ్చేది మందుల చీటీ కాదు. గుండె డాక్టరుకు ఒక పేజీ ఉత్తరం. మందు ఆపడం, మార్చడం డాక్టరు పని. ఫొటోల్లో మనిషి కనిపించదు, నాడి దొరకదు, బీపీ తెలియదు. ఉత్తరం ఎలా రాయాలన్నది కూడా ఒక విద్యే. పది అంశాలు రాస్తే ఓపీలో కూర్చున్న డాక్టరు మొదటి రెండే చదువుతారు. కాబట్టి తొందరవి పైన రాయాలి. తెనాలి ఉత్తరంలో మొదటి వాక్యం ఇలా ఉంది: "టెల్మిసార్టాన్, ఫ్యూరోసెమైడ్, స్పైరనోలాక్టోన్‌తో పాటు జనవరి నుంచి ఎసిక్లోఫెనాక్ రోజుకు రెండుసార్లు వాడుతున్నారు, జులైలో క్రియాటినిన్ 1.1, మార్చిలో 1.4, పొటాషియం చూడలేదు." దాని కింద మీరు ఆపమన్న క్లోపిడోగ్రెల్ పాత క్యాప్సూల్‌లో ఇంకా నడుస్తోందని, ఆస్పిరిన్ రెట్టింపు పడుతోందని రాశాడు. ఆ తర్వాత ఆమ్లోడిపిన్ మొత్తం 10 అవుతోందని, వాపు ఆ తర్వాతే మొదలైందని, నీటి బిళ్ళకు వేరే కారణమేమైనా ఉందా అని. షుగరు బిళ్ళ, నిద్రబిళ్ళ, డామ్‌పెరిడోన్ చివర. మాటలన్నీ ప్రశ్నలుగా, తేదీలతో ఉన్నాయి. ఎవరు తప్పు చేశారన్న ఊసు లేదు. నిజానికి ప్రతి డాక్టరూ తన కంటికి కనిపించిన దానికి సరైన మందే రాశారు. మిగతా చీటీలు వాళ్ల ముందుకు రాలేదంతే.

మన ఉదాహరణలో డాక్టరు నొప్పి బిళ్ళను ఆ రోజే ఆపించారు, పొటాషియం పరీక్ష చేయించారు. అది 5.6 వచ్చింది. ఉండాల్సిన దాని కంటే ఎక్కువ. దాంతో నీటి బిళ్ళను కూడా అప్పుడే ఆపి, గుండె పరిస్థితి తెలుసుకోవడానికి ఎకో తీయించారు. మూడు మందులు కలిసిన క్యాప్సూల్, విడి ఆమ్లోడిపిన్ తీసేశారు. బీపీ రోజూ పొద్దున, సాయంత్రం ఇంట్లో చూసి రాయమన్నారు, ఎందుకంటే ఆమ్లోడిపిన్ సగానికి తగ్గితే బీపీ పెరగొచ్చు. మరోవైపు బీపీని పైకి నెట్టే గుణం ఉన్న ఎసిక్లోఫెనాక్ కూడా పోయింది కాబట్టి పెరగకపోవచ్చు. రెండూ ఒకేసారి జరిగినప్పుడు ముందుగా చెప్పలేం, కొలవాల్సిందే. వారం తర్వాత మళ్లీ చేసిన పరీక్షలో పొటాషియం 4.8కి, క్రియాటినిన్ 1.2కి దిగాయి. వాపు మూడో వారానికి చెప్పులు పట్టేంత తగ్గింది. ఆమ్లోడిపిన్ పెద్దవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఆ మాత్రం ఆలస్యం మామూలే.

మోకాళ్ల నొప్పి మాత్రం తిరిగొచ్చింది. ఇది చెప్పకుండా దాటేస్తే ఆవిడ మళ్లీ షాపుకు వెళుతుంది. డాక్టరు పారాసిటమాల్ 650 రోజుకు మూడుసార్ల వరకు వేసుకోవచ్చన్నారు, మోకాళ్ల మీద రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ రాశారు. జెల్ చర్మం మీద రాసినా కొంత రక్తంలో కలుస్తుంది గానీ బిళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. షాపులో చెప్పడానికి ఒక ముక్క కూడా నేర్పారు: "నాకు కిడ్నీ కాస్త వీక్‌గా ఉంది, నొప్పి బిళ్ళలు ఇవ్వకు నాయనా." పాత స్ట్రిప్పుల్ని కూతురు వచ్చినప్పుడు కత్తెరతో ముక్కలు చేసి పారేసింది. ఖాళీ రేకు ఇంట్లో ఉన్నంతకాలం అది మళ్లీ షాపుకు వెళ్లగలదు మరి.

మిగిలింది ఆల్ప్రజోలామ్. ఏళ్లతరబడి రాత్రీ వేసుకున్న నిద్రబిళ్ళను ఒక్కరోజులో ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, చేతులు ఒణుకుతాయి, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. 0.25 మిల్లీగ్రాముల బిళ్ళను సగం చేసి రెండు మూడు వారాలు, ఆ తర్వాత రోజు విడిచి రోజు కాకుండా రోజూ పావు చొప్పున కొన్ని వారాలు, ఇలా దించుకుంటూ రావాలని డాక్టరు చెప్పారు. ఆవిడ సగం దగ్గరే ఆగింది. పావుకు రానంటోంది. నీటి బిళ్ళ పోయాక రాత్రి లేవడం ఒక్కసారికి తగ్గింది కాబట్టి డాక్టరు కూడా తొందరపెట్టలేదు. జూన్‌లో మళ్లీ ఫొటోలు పంపినప్పుడు ఆ విషయం చూద్దామని ఫార్మసిస్టు తన కాగితంలో రాసి పెట్టుకున్నాడు.